ఏ పట్టికలోనూ ఇమడని క్రియారూపం: పాటన్‌లో "వనా", "వన" కథ

ప్రశ్న: నేను ఎం.ఏ. లింగ్విస్టిక్స్ చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో ఫీల్డ్‌వర్క్ ఉంది. క్రియారూపాల పట్టిక వేస్తుంటే ఏ గడిలోనూ సరిపోని రూపం ఒకటి దొరికితే ఏం చేయాలి? పొరపాటున విన్నానా, చెప్పినవాళ్లు తడబడ్డారా, లేక భాషే అలా ఉందా అని ఎలా తేల్చుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు నిజంగా జరిగిన ఉదాహరణతో చెబితే బాగుంటుంది.

సమాధానం:

మొదటి పని, ఆ రూపాన్ని కొట్టేయకుండా ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో పక్కనే రాసుకోవడం. రెండోది, అది ఏ గడిలో పడుతుందని వెతకడం కాసేపు ఆపి, అసలు పట్టికకు మనం గీసిన గీతలు సరైనవేనా అని చూడటం. సాధారణంగా మనం ఉత్తమ పురుష, మధ్యమ పురుష, ప్రథమ పురుష అని మూడు వరుసలు గీసుకునే ఫీల్డ్‌కి వెళ్తాం. ఆ మూడు వరుసలు ప్రతి భాషలోనూ ఉండాలని రూలేమీ లేదు. దీనికి నేను చూసినవాటిలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ కాఠ్మాండూ లోయలోని నేవార్ భాష. అక్కడివాళ్లు దాన్ని నేపాల్ భాష అంటారు. నేపాలీ వేరు, ఇది వేరు. నేపాలీ మన హిందీకి బంధువు. నేవార్ టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందినది. మాట్లాడేవాళ్లు ఎనిమిది లక్షలకు పైనే ఉన్నారు.

చదువుకునే రోజుల్లో మా గురువుగారు మా చిన్న బృందాన్ని ఫీల్డ్ ట్రైనింగ్ కోసం ఆ లోయలోనే ఉన్న పాటన్ తీసుకెళ్లారు. బయల్దేరే ముందు ఒకటే షరతు పెట్టారు: నేవార్ క్రియల మీద ఎవరూ ఏ వ్యాసమూ చదవకూడదు. ఆయనకు జవాబు తెలుసు, మాకు తెలియదు. ఆ షరతు ఎందుకు పెట్టారో తర్వాత అర్థమైంది. జవాబు తెలిసి వెళ్తే, సరైన ప్రశ్న ఎలా పుడుతుందో మనకు ఎప్పటికీ తెలియదు.

మాకు భాష చెప్పినావిడ విగ్రహాలు పోతపోసే కుటుంబంలోని ఇల్లాలు. మేము దిదీ అనేవాళ్లం. మధ్యలో నేపాలీ వాడుకుంటూ మొదటి రోజే "వెళ్లడం" అనే క్రియకు భూతకాలం రాసుకున్నాం. "జి" అంటే నేను, "ఛ" అంటే నువ్వు, "వ" అంటే అతను లేదా ఆమె, "అన" అంటే అక్కడికి.

జి అన వనా. నేను అక్కడికి వెళ్లాను.
ఛ అన వన. నువ్వు అక్కడికి వెళ్లావు.
వ అన వన. అతను అక్కడికి వెళ్లాడు.

ఇంత శుభ్రమైన డేటా దొరికితే ఎవరికైనా ఉత్సాహంగానే ఉంటుంది. ఉత్తమ పురుషకు "వనా", మిగతావాటికి "వన". చివరి అచ్చు మారింది, అంతే. పురుషను బట్టి క్రియ మారే భాష అని రాసుకుని ముందుకు పోవచ్చు. తెలుగువాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మన క్రియకు కూడా చివర పురుష ప్రత్యయం ఉంటుంది కదా.

ఆ మర్నాడు మేము నోట్స్ సరిచూసుకుంటుంటే వాకిట్లో దిదీ కొడుకు పరుగెత్తుకొచ్చాడు. ఏదో పని మీద పంపినట్టుంది. ఆవిడ వాణ్ణి అడిగింది: "ఛ అన వనా లా?" అక్కడికి వెళ్లావా అని. చివరి "లా" అవును-కాదు ప్రశ్నకు గుర్తు. అక్కడ కర్త "ఛ", నువ్వు. క్రియ మాత్రం "వనా". మా పట్టిక ప్రకారం ఆ రెండూ ఒక వాక్యంలో కలవకూడదు.

ఇక్కడి నుంచి మేము ఏ వరుసలో అనుమానాలు తీర్చుకున్నామో వివరంగా చెబుతాను. మీకు పనికొచ్చేది ఆ వరుసే.

మొదటి అనుమానం మా చెవి మీద. రెండు రూపాలకూ చివరి అచ్చులోనే తేడా. పిల్లాడితో వేగంగా అన్న మాట. రికార్డింగ్ మళ్లీ వినొచ్చు, స్పెక్ట్రోగ్రామ్ చూడొచ్చు. కానీ అంతకన్నా గట్టి పద్ధతి, అదే క్రియను ఇంకో కాలంలోకి మార్చి అడగడం. భవిష్యత్తులో ఆ జంట పూర్తిగా వేరే అచ్చులతో వస్తుంది: "జి వనే", నేను వెళ్తాను. "వ వని", అతను వెళ్తాడు. ఏకారానికీ ఇకారానికీ తేడా ఎవరికైనా వినిపిస్తుంది. ప్రశ్నగా అడిగిస్తే మళ్లీ అదే జరిగింది: "ఛ వనే లా?" మధ్యమ పురుషతో "నేను" రూపం. రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు అచ్చుల జంటల్లో ఒకే తిరకాసు కనిపించిందంటే అది చెవి చేసిన తప్పు కాదు.

రెండో అనుమానం తెలుగువాళ్లకు తప్పకుండా వచ్చేదే. మన భాషలో ప్రశ్నకు చివర "ఆ" చేరుస్తాం. వెళ్లావు, వెళ్లావా. నేవార్‌లో కూడా ఆ దీర్ఘం ప్రశ్న వల్ల వచ్చిందేమో? దీన్ని తేల్చడానికి ప్రథమ పురుషతో ప్రశ్న వేయించాం: "వ అన వన లా?" అతను వెళ్లాడా? దీర్ఘం రాలేదు. కాబట్టి ప్రశ్న అయినంత మాత్రాన దీర్ఘం రాదు. పైగా భవిష్యత్తులో "వనే" విషయాన్ని ఈ వాదం అసలు వివరించలేదు.

ఇక మిగిలింది మేము చాలా ఆలస్యంగా అడిగిన వాక్యం. "నేను వెళ్లానా?" ఏదో మర్చిపోయి, గుర్తు లేక ఎదుటివాళ్లను నిజంగానే అడిగేది. దిదీ కాసేపు ఆలోచించి, చిన్నప్పటి సంగతి ఏదైనా అమ్మను అడుగుతున్నట్టు ఊహించుకుని చెప్పింది: "జి అన వన లా?" ఇప్పుడు కర్త "జి", నేను. క్రియ "వన". అంటే చెప్పే వాక్యంలో "నేను"తో వచ్చే రూపం, అడిగే వాక్యంలో "నువ్వు"తో వస్తోంది. "నేను"కేమో మిగతావాళ్ల రూపం వస్తోంది. రూపాలు రెండే, కానీ అవి కర్త ఎవరన్నదాన్ని బట్టి నడవడం లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ దశలో చాలామంది "ప్రశ్నార్థకంలో పురుష ప్రత్యయాలు తారుమారవుతాయి" అని ఒక నియమం రాసేసి చేతులు దులుపుకుంటారు. డేటాకు అది సరిపోతుంది కూడా. కానీ ఎందుకు తారుమారవుతాయో చెప్పలేని నియమం ఇంకా పరీక్షకు నిలబడనట్టే లెక్క. అలాంటప్పుడు చేయాల్సింది ప్రకటన, ప్రశ్న కాకుండా మూడో రకం వాక్యాన్ని తెచ్చి చూడటం. మా గురువుగారు ఆ రోజు సాయంత్రం అన్న ఒకే ఒక్క మాట: "ఒకరు చెప్పిన మాటను ఇంకొకరు చెబుతున్నట్టు అడగండి."

అడిగాం. "అతను అక్కడికి వెళ్లానని చెప్పాడు." దిదీ రెండు వాక్యాలు ఇచ్చింది.

వఁ వ అన వనా ధకాః ధాల.
వఁ వ అన వన ధకాః ధాల.

మొదటి "వఁ" కూడా "అతను" అనే మాటే, "చెప్పడం" లాంటి క్రియలకు కర్తగా వచ్చినప్పుడు దానికి ఆ అరసున్నా చేరుతుంది. "ధాల" అంటే చెప్పాడు. "ధకాః" మన "అని" లాంటిది. అది కూడా "చెప్పడం" అనే క్రియ నుంచే పుట్టింది, మన "అను" నుంచి "అని" వచ్చినట్టే. రెండు వాక్యాల్లోనూ లోపలి కర్త "వ", ప్రథమ పురుష. తేడా క్రియలోనే ఉంది. "వనా" అంటే చెప్పినవాడే వెళ్లాడు. "వన" అంటే చెప్పింది ఒకడు, వెళ్లింది ఇంకొకడు.

దీని దగ్గర మాలో తెలుగువాళ్లం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎందుకంటే ఈ పని మనం రోజూ చేస్తున్నాం. "రాము వెళ్లానన్నాడు" అంటే వెళ్లింది రామూయే. "రాము వెళ్లాడన్నాడు" అంటే రాము ఇంకెవరి గురించో చెబుతున్నాడు. ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే, "సీత తను రానని చెప్పింది" చూడండి. కర్త "తను", అది ప్రథమ పురుష. క్రియ "రాను", అది ఉత్తమ పురుష. బడిలో నేర్చుకున్న క్రియల పట్టికలో "తను రాను" అనే జోడీ ఎక్కడా ఉండదు. అయినా ఏ తెలుగువాడికీ అది తప్పుగా వినిపించదు. "సీత తను రాదని చెప్పింది" అంటేనే ఆ "తను" ఇంకెవరో అనిపిస్తుంది. ఇంకొకరి మాటను చెప్పేటప్పుడు ఆ ఉత్తమ పురుష ప్రత్యయం మాట ఎవరిదో వాళ్లకు అంటుకుని ఉంటుంది. అయితే తెలుగులో ఇది పరోక్ష కథనం దగ్గరే ఆగిపోతుంది. ప్రశ్నలో మనం "నువ్వు వెళ్లావా" అనే అంటాం, "నువ్వు వెళ్లానా" అనం. నేవార్ ఆ పద్ధతిని ప్రశ్నల్లోకి కూడా తీసుకెళ్లింది.

మూడు రకాల వాక్యాలూ పక్కపక్కన పెడితే దారి దొరుకుతుంది. విషయం చెబుతున్నప్పుడు ఆ సంగతి తెలిసినవాణ్ణి నేను. ప్రశ్న అడిగినప్పుడు తెలిసినవాడు ఎదుటి మనిషి, అందుకే అడుగుతున్నాను. ఒకరి మాటను ఇంకొకరు చెప్పినప్పుడు ఆ సంగతి తెలిసినవాడు మొదట చెప్పినవాడు. ఆ తెలిసినవాడూ, పని చేసినవాడూ ఒకరే అయితే "వనా". వేరు వేరైతే "వన". ఈ ఒక్క మాటతో అప్పటిదాకా రాసుకున్న వాక్యాలన్నీ మినహాయింపు లేకుండా కుదిరాయి. ఆ పట్టికలో వరుసలు "నేను, నువ్వు, అతను" కావు. "తన పని గురించి తనే చెప్పేవాడు" ఒక వరుస, మిగతాదంతా ఇంకో వరుస.

ఇంతటితో అయిపోలేదు. మంచి వివరణ దొరికినప్పుడు దాన్ని పడగొట్టే క్రియ కోసం వెతకాలి. మాకది మామూలు సంభాషణలోనే దొరికింది. "అర్థమైంది" అనడానికి నేవార్‌లో "థుల" అంటారు. "జిఁ థుల", నాకు అర్థమైంది. ఇది "వన" వైపు రూపం. అర్థమైంది నాకే, చెబుతున్నదీ నేనే. మా లెక్క ప్రకారం "వనా" వైపు రూపం రావాలి కదా? ఎదుటివాణ్ణి "అర్థమైందా" అని అడిగినా "థుల లా" అనే అంటారు. అక్కడా మారదు.

దీన్ని విడదీయడానికి ఒకే క్రియకు రెండు రూపాలూ "నేను"తో పలికే సందర్భం కావాలి. "చంపడం" అనే క్రియ దొరికింది. "జిఁ స్యానా" అంటే కావాలని చంపాను. "జిఁ స్యాత" అంటే నా చేతుల్లో చచ్చిపోయింది, నేను అనుకుని చేయలేదు. కర్త అదే, పని అదే, కాలం అదే. తేడా ఒక్క ఉద్దేశంలో ఉంది. అర్థమవడం అనేది మనం అనుకుని చేసే పని కాదు కాబట్టే "థుల" ఎప్పుడూ అటువైపే ఉంటుంది. తెలుగులో ఇలాంటివాటిని క్రియతో కాకుండా "నాకు" అనే విభక్తితో వేరు చేస్తాం: నాకు అర్థమైంది, నాకు జ్వరం వచ్చింది, నాకు వినిపించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే నేవార్ పద్ధతి మనకు మరీ దూరంగా అనిపించదు. కాబట్టి మా వివరణకు ఒక షరతు చేరింది: తెలిసినవాడు తను తెలిసి, కావాలని చేసిన పని అయితేనే "వనా" రూపం.

ఆ తర్వాతే గురువుగారు ఆస్టిన్ హేల్ 1980లో అచ్చువేసిన వ్యాసం మా చేతిలో పెట్టారు. నేవార్‌లోని ఈ రెండు రూపాలకూ ఆయన కాంజంక్ట్, డిస్‌జంక్ట్ అని పేర్లు పెట్టారు. తర్వాతి కాలంలో ఇలాంటి వ్యవస్థలన్నిటికీ కలిపి ఈగోఫోరిక్ అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. హేల్ వ్యాసంలో మేము అడగని వాక్యం ఒకటి ఉంది. "జి అన వనా లా?" ప్రశ్నే, కర్త "నేను", అయినా "వనా" వచ్చింది. ఎందుకంటే అది నిజంగా అడిగే ప్రశ్న కాదు. "నేనా అక్కడికి వెళ్లింది? వెళ్లనే లేదు!" అని ఎదురు తిరిగి అనే మాట. జవాబు ఎదుటివాడికి కాదు, నాకే తెలుసు. తెలిసినవాడు మళ్లీ నేనే అయ్యాను కాబట్టి రూపం కూడా నా దగ్గరికి వచ్చేసింది. మా వివరణను ఇంత అందంగా నిలబెట్టే వాక్యం ఇంకొకటి నేను చూడలేదు. వాక్యం ఆకారాన్ని చూసి రాసిన "ప్రశ్నలో తారుమారు" నియమం ఇక్కడ కుప్పకూలిపోతుంది. "ఎవరికి తెలుసు" అన్న వివరణ మాత్రం నిలుస్తుంది.

ఇప్పుడు మీ పనికి సంబంధించిన జాగ్రత్తలు కొన్ని చెబుతాను.

పదాల పట్టిక, వాక్యాల పట్టిక పట్టుకుని కూర్చుని అడిగితే ఇలాంటి వ్యవస్థ దాదాపు కనిపించదు. ఫీల్డ్ ప్రశ్నావళుల్లో ఎక్కువ భాగం ప్రకటనలే ఉంటాయి. ప్రకటనల్లో నేవార్ అచ్చం పురుషను బట్టి మారే భాషలాగే కనిపిస్తుంది. దానికి తోడు "నువ్వు వెళ్లావు" అనే వాక్యం నిజ జీవితంలో ఎంత అరుదో గమనించండి. నువ్వు చేసిన పని నీకు తెలిసిందే, నేను నీకు చెప్పాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు. మధ్యమ పురుష సహజంగా వచ్చేది ప్రశ్నల్లోనే. కాబట్టి ఏ భాష దగ్గరకు వెళ్లినా మొదటి వారంలోనే ప్రతి క్రియకూ నాలుగు వాక్యాలు తీసుకోండి: నేను చేశాను, నువ్వు చేశావా, నేను చేశానా, తను చేశానని అతను చెప్పాడు. వీటితోపాటు పొరపాటున చేసిన పని ఒకటి, ఒంటికీ మనసుకూ సంబంధించినది ఒకటి చేర్చండి. ఈ కాస్త పనితోనే పురుష ప్రత్యయానికీ, దానిలా కనిపించే వేరే వ్యవస్థకూ తేడా తెలిసిపోతుంది.

ఇంకో ఇబ్బంది, ఎవరు "నేను" అన్నది అడిగేటప్పుడే కలగాపులగం కావడం. "నువ్వు వెళ్లావా అని ఎలా అంటారు?" అని అడిగితే చెప్పేవాళ్లు కొన్నిసార్లు దాన్ని తమను అడిగిన ప్రశ్నగా తీసుకుని "వెళ్లాను" అని జవాబిస్తారు. అప్పుడు మీ పుస్తకంలో తప్పు గడిలో సరైన రూపం పడుతుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన మార్గం, మొత్తం వాక్యాన్ని కర్తతో సహా పలికించడం. మామూలు మాటల్లో కర్తను వదిలేయడం ఈ భాషల్లో కూడా సహజమే, కానీ పరీక్షించేటప్పుడు వదలనివ్వకూడదు. తర్వాత ఆ రికార్డింగ్‌ను ఇంకొకరికి వినిపించి "ఇది ఎవరు ఎవరితో అంటున్నారు?" అని అడగండి. "ఇది సరైనదేనా?" అని అడిగితే మర్యాదకు అవుననేస్తారు. సందర్భం చెప్పమంటే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. "జి అన వన లా" వినిపిస్తే ఎవరో గుర్తు తెచ్చుకోలేక అడుగుతున్నారంటారు. "జి అన వనా లా" వినిపిస్తే ఎవరో కోపంగా ఉన్నారంటారు.

పొరుగున ఉన్న భాషను చూసి ధైర్యంగా ఊహించకండి. కాఠ్మాండూకు తూర్పున దోలఖాలో మాట్లాడే నేవార్ ఈ భాషకే దగ్గరి చుట్టం. కానీ అక్కడ క్రియ మనకు తెలిసిన పద్ధతిలోనే కర్త పురుషను, వచనాన్ని బట్టి మారుతుంది. ఆ యాసకు కరోల్ జెనెట్టి 2007లో పెద్ద వ్యాకరణమే రాశారు. దోలఖా చూసి పాటన్ వెళ్లినా, పాటన్ చూసి దోలఖా వెళ్లినా పట్టిక తప్పుతుంది. అలాగని ఈ వ్యవస్థ పాటన్ చుట్టుపక్కలే ఉందనుకోకండి. లాసా టిబెటన్‌లో "నేను టిబెటన్‌ని" అన్నప్పుడు వచ్చే "యిన్", "మీరు టిబెటనా?" అనే ప్రశ్నలోనూ వస్తుంది. మన దగ్గరివాళ్లకు దీన్ని చెవులారా వినాలని ఉంటే నేపాల్ దాకా వెళ్లక్కర్లేదు. మైసూరు దగ్గర బైలకుప్పెలో టిబెటన్ల పెద్ద స్థావరం ఉంది.

చివరగా మీరు అడిగిన "తడబడ్డారా" అన్న మాట గురించి. తడబాటు అయితే ఆ మనిషే వెంటనే సర్దుకుంటారు, లేదా మళ్లీ పలికిస్తే మారుస్తారు. భాషలోనిదే అయితే, వేరే రోజు వేరే మనిషిని అడిగినా అదే సందర్భంలో అదే రూపం వస్తుంది, సందర్భం మార్చగానే అదీ మారుతుంది. అప్పటిదాకా ఆ రూపానికి పేరు పెట్టకండి. మేము మొదటి రోజు "వనా" పక్కన "ఉత్తమ పురుష" అని రాసుకున్న కాయితాలను ఆ తర్వాత పూర్తిగా తిరగరాయాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు నా విద్యార్థులతో కొత్త ప్రత్యయాల పక్కన "రూపం-1", "రూపం-2" అని మాత్రమే రాయిస్తాను. నాలుగు రకాల వాక్యాలూ చేతికి వచ్చాక పేర్లు పెట్టుకోవచ్చు.